చెబితే వచ్చేస్తుంది, చదవమంటే ఆగిపోతాడు

"తెలివైనవాడేనండీ, నోటితో అడిగితే టకటకా చెప్పేస్తాడు. పేపర్ మీద పెట్టమంటేనే బద్ధకం." పేరెంట్స్ మీటింగుల్లో క్లాస్ టీచర్ల నోట తరచూ వినిపించే మాట ఇది. అది విన్న తల్లిదండ్రులు ఇంటికొచ్చి ట్యూషన్ మార్పిస్తారు, టీవీ ఆపేస్తారు, కాపీ రైటింగ్ పుస్తకం కొని రోజూ రెండు పేజీలు రాయిస్తారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే మీటింగు, అదే మాట. పిల్లవాడు మాత్రం మునుపటికన్నా మొండిగా తయారవుతాడు.

టీచర్ మాటలో రెండు ముక్కలున్నాయి. నోటితో అడిగితే చెబుతాడన్నది ఆమె కళ్లారా చూసిన సంగతి. బద్ధకమన్నది ఆమె ఊహ. తల్లిదండ్రులు పట్టుకోవాల్సింది మొదటి ముక్కని. ఎందుకంటే డిస్లెక్సియా వైద్యుల దృష్టికి వచ్చింది కూడా సరిగ్గా అలాంటి మాటతోనే.

1896 నవంబర్ 7న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ వైద్యుడు పెర్సీ అనే పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశారు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏడేళ్ల వయసు నుంచి బడిలోనూ ఇంట్లోనూ చదువు చెప్పిస్తున్నా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. తన పేరే అక్షరాలు తారుమారుగా రాసి, తప్పు రాశానని తెలుసుకోలేకపోయాడు. అంకెల దగ్గరకొస్తే కోట్లలో ఉన్న సంఖ్యని కూడా తడుముకోకుండా చదివాడు. చదువంతా నోటిమాటగానే చెబితే బడి మొత్తానికీ వీడే చురుకైనవాడవుతాడని అతని మాస్టారు అభిప్రాయపడ్డారు. ఆ మాటని మోర్గన్ కొట్టిపారేయకుండా తన వ్యాసంలో నమోదు చేశారు. చూపు బాగుంది, తెలివి బాగుంది, చదువు చెప్పించారు, అయినా అచ్చులో ఉన్న మాట బుర్రకెక్కడం లేదంటే లోపం ఇంకెక్కడో ఉందని ఆయన తేల్చారు.

ఆ లోపం ఎక్కువ మంది పిల్లల్లో శబ్దాల దగ్గర ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. మాటని విడివిడి శబ్దాలుగా విడగొట్టి, ఒక్కో శబ్దాన్ని ఒక్కో గుర్తుతో జోడించి, ఆ జోడింపు ఆలోచించకుండానే జరిగిపోయేంత అలవాటు చేసుకోవడమే చదవడం. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఈ జోడింపు కుదురుకోదు. కుదిరినా నత్తనడక నడుస్తుంది. అది తెలివితో ముడిపడిన సంగతి కాదు. పాఠం వింటే అర్థమవుతుంది, కథ చెప్పమంటే చెబుతారు. పుస్తకం తెరిస్తేనే ఆగిపోతారు.

తెలుగు చదివే పిల్లల్లో ఇది ఎలా బయటపడుతుందో తల్లిదండ్రులకు తెలియడం చాలా అవసరం. ఇంగ్లీషు గురించి రాసిన పుస్తకాల్లో చెప్పే గుర్తులు మన లిపికి పూర్తిగా సరిపోవు. తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి నాలుగైదు తరగతులకొచ్చేసరికి చాలామంది పిల్లలు తప్పుల్లేకుండానే చదివేస్తారు. మిగిలేది వేగం సమస్య. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతారు, పెదవులతో కూడబలుక్కుంటారు, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు. "చదివాడుగా" అని టీచర్ ముందుకు సాగిపోతారు. చదివినదాంట్లో ఏముందని అడిగితే పిల్లవాడి దగ్గర జవాబుండదు.

రాతలో గుర్తులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. దీర్ఘాలు ఎగిరిపోయి మేక 'మెక' అవుతుంది. ఒత్తు జారిపోయి పుస్తకం 'పుసకం' అవుతుంది. ఇలాంటి తప్పులు రెండో తరగతిలో అందరూ చేస్తారు. గుణింతాలూ ఒత్తులూ కలిపితే నేర్చుకోవాల్సిన గుర్తులు కొన్ని వందలవుతాయి కాబట్టి అవన్నీ పట్టుబడడానికి మామూలు పిల్లలకే నాలుగైదేళ్లు పడుతుంది. ఐదో తరగతిలో కూడా అదే పిల్లవాడు, ఒకే పేజీలో, ఒకే మాటని మూడు రకాలుగా రాస్తుంటే ఆగి చూడాలి.

ఇక్కడ ఒక అబ్బాయిని ఊహించుకుందాం. పదేళ్లవాడు, జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఐదో తరగతి. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మూడో తరగతి దాకా పాఠాలన్నీ విని బట్టీ పట్టి నెట్టుకొచ్చాడు. నాలుగులో పాఠాలు పొడవయ్యాయి, బట్టీకి లొంగలేదు, మార్కులు పడిపోయాయి. లెక్కల్లో ఎక్కాలు వచ్చు, కూడికలూ తీసివేతలూ వచ్చు, మాటల్లో ఇచ్చిన లెక్క మాత్రం వదిలేస్తాడు. సోమవారం పొద్దున్నే కడుపునొప్పంటాడు.

వాళ్లమ్మ మొదట చేయాల్సిన పనులు రెండున్నాయి, రెండింటికీ పెద్ద ఖర్చవదు. కంటి డాక్టరుకు చూపించడం, చెవి పరీక్ష చేయించడం. బోర్డు కనబడకపోయినా, ఒక చెవి సరిగా వినబడకపోయినా పిల్లవాడు ఇలాగే వెనకబడతాడు. ఆ రెండూ బాగున్నాయని కాగితం మీద ఉంటే తర్వాత ఎవరూ అక్కడికే తిప్పి పంపరు.

తర్వాత ఇంట్లో చూడదగ్గ సంగతులు. ఇవి పరీక్షలు కావు, గమనింపులు మాత్రమే. వాడు ఎప్పుడూ చూడని రెండో తరగతి తెలుగు పుస్తకం తెచ్చి, బొమ్మ మీద కాగితం కప్పి, మధ్యలోని పేరా చదివించాలి. మొదటి పేరా చదివిస్తే బొమ్మ చూసి ఊహించేస్తాడు. చదువుతున్నంతసేపూ ఏమీ సరిదిద్దకుండా గడియారం చూసుకోవాలి. అదయ్యాక అర్థం లేని మాటలు కొన్ని రాసివ్వాలి, 'తికులు', 'బోమరి', 'గస్తెడు' లాంటివి. తెలిసిన మాటని పిల్లలు ఆకారం చూసి గుర్తుపట్టేస్తారు. పుట్టించిన మాటని చదవాలంటే శబ్దం, గుర్తు కలపక తప్పదు, అసలు ఇబ్బంది అక్కడ దొరికిపోతుంది. చివరగా, బడిలో వదిలేసిన మాటల లెక్కనే పైకి చదివి వినిపించాలి. వింటూనే జవాబు చెప్పేశాడంటే వాడికి లెక్క వచ్చు, చదవడమే రాదు. ఈ ఒక్క గమనింపు ప్రిన్సిపాల్ ముందు పది ఫిర్యాదుల పెట్టు.

ఇంగ్లీషు మీడియం సంగతి కూడా తేల్చుకోవాలి. ఇంట్లో వినని భాషలో ఒకేసారి అన్ని సబ్జెక్టులూ చదవాల్సి వస్తే ఏ పిల్లవాడైనా తడబడతాడు. దాన్ని డిస్లెక్సియా అనుకుంటే పొరపాటు. అలాగే డిస్లెక్సియా ఉన్న పిల్లవాడిని "ఇంగ్లీషు మీడియం కదా, మెల్లగా సర్దుకుంటాడు" అని వదిలేసినా పొరపాటే, పైగా అది వాడికి ఏళ్ల తరబడి నష్టం చేసే పొరపాటు. తేడా తెలుసుకోవడానికి మంచి దారి రెండు భాషల్లోనూ చూడడం. తెలుగు హాయిగా చదువుతూ ఇంగ్లీషులోనే ఆగుతుంటే ఆ భాష ఎక్కువగా వినిపించాలి, మాట్లాడించాలి. తెలుగు నేర్పినా కూడా అందులోనూ అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే మూలం లోపల ఉందని అనుమానించాలి. తెలుగు సరిగా నేర్పని బడుల్లో ఈ పోలిక కుదరదు. అప్పుడు కొన్ని వారాలు ఇంట్లో ఒక పద్ధతి ప్రకారం గుణింతాలు నేర్పి, ఎంత నిలుస్తోందో చూడాలి. చెప్పినప్పుడు వచ్చి మూడో రోజుకు మాయమవుతుంటే ఆ సంగతి తేదీలతో రాసిపెట్టుకోవాలి.

ఇంత తెలిశాక తల్లి ఎక్కడికి వెళ్లాలి? చాలామంది నేరుగా డాక్టరు దగ్గరకో, ఇంటర్నెట్‌లో కనిపించిన సెంటర్‌కో వెళతారు. చట్టం చెప్పిన దారి వేరు. అది ప్రిన్సిపాల్ గది నుంచే మొదలవుతుంది.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. చదవడంలో వచ్చే డిస్లెక్సియా, రాతలో వచ్చే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో వచ్చే డిస్‌కాల్క్యులియా అన్నీ దాని కిందికే వస్తాయి. ఇలాంటి ఇబ్బందిని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధన చర్యలు తీసుకోవడం విద్యాసంస్థల బాధ్యతని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకెళ్లాయి. ప్రభుత్వ బడైనా ప్రైవేటు బడైనా మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందొస్తే అప్పుడు టీచర్లు పిల్లల్ని ఒకసారి పరిశీలించాలి. ప్రతి బడిలో ప్రిన్సిపాల్ అధ్యక్షతన ఒక స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. అనుమానం ఉన్న పిల్లల్ని తదుపరి పరీక్షలకు పంపాల్సింది ప్రిన్సిపాలే.

అంటే మనం ఊహించుకున్న ఐదో తరగతి అబ్బాయికి రెండేళ్ల కిందటే జరగాల్సిన పని జరగలేదు. ఈ సంగతి తెలిసిన తల్లికి కోపం రావడం సహజం. ఆ కోపమంతా ఉత్తరంలో పెడితే బడి యాజమాన్యం తనని తాను కాపాడుకునే పనిలో పడుతుంది. "మా వాడి మీద కాస్త శ్రద్ధ పెట్టండి సార్" అని బతిమాలుతూ రాసినా ఫలితముండదు, శ్రద్ధ అంటే ఏం చేయాలో అందులో లేదు కాబట్టి. పనిచేసే ఉత్తరంలో కళ్లారా చూసిన సంగతులుంటాయి, అడిగే పనులు విడివిడిగా ఉంటాయి, ఒక తేదీ ఉంటుంది. దాదాపు ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నమస్కారం. మా అబ్బాయి మీ పాఠశాలలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదువుతున్నాడు, ఇక్కడి టీచర్లంటే వాడికి ఇష్టం. వాడి చదువులో మేము గమనించిన ఒక విషయం మీ దృష్టికి తేవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాఠం చదివి వినిపిస్తే వాడికి అర్థమవుతుంది, ప్రశ్న నోటితో అడిగితే జవాబు చెబుతాడు. తనంతట తాను చదవాల్సి వస్తే ఆగిపోతున్నాడు. గత నెలలో రెండో తరగతి తెలుగు వాచకంలో సుమారు యాభై పదాల పేరా చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో ఏముందని అడిగితే చెప్పలేకపోయాడు. అదే పేరా నేను చదివి వినిపిస్తే అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పాడు. ఇంగ్లీషులోనూ ఇదే ఇబ్బంది. యూనిట్ టెస్టులో వదిలేసిన నాలుగు మాటల లెక్కలు పైకి చదివి వినిపిస్తే మూడు సరిగ్గా చేశాడు. వాడి నోటు పుస్తకంలోని రెండు పేజీల నకళ్లు జతచేశాను. ఒకే మాటని ఒకే రోజు మూడు విధాలుగా రాశాడు. కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించాం, రెండూ బాగున్నాయి. ఆ రిపోర్టులు కూడా జతచేశాను.

ఇది అభ్యసన వైకల్యమేనని నేను చెప్పడం లేదు. అది నిపుణులు తేల్చాలి. పాఠశాల స్క్రీనింగ్ కమిటీ ద్వారా మా అబ్బాయిని పరిశీలించి, అవసరమైతే తదుపరి పరీక్షలకు మీ లేఖతో పంపవలసిందిగా కోరుతున్నాను. క్లాస్ టీచర్ గారు, తెలుగు, ఇంగ్లీషు, లెక్కల టీచర్లు తాము గమనించినవి ఒక పేజీలో రాసిస్తే డాక్టర్లకు ఉపయోగపడుతుంది.

ఆ ఫలితం వచ్చేలోపు నాలుగు చిన్న సర్దుబాట్లు కోరుతున్నాను. క్లాసులో అందరి ముందూ పైకి చదవమని వాడిని అడగవద్దు. పరీక్షలో ప్రశ్నలు ఒకసారి చదివి వినిపించండి. సైన్సులో, సోషల్‌లో జవాబు సరైనదైతే అక్షరదోషాలకు మార్కులు తగ్గించవద్దు. బోర్డు మీది నోట్సు రాసుకోవడం పూర్తికాని రోజున పక్కవాళ్ల పుస్తకం ఫొటో తీసుకోనివ్వండి. వాడిని వేరే సెక్షన్‌కు మార్చడం గానీ, పాఠాలు తగ్గించడం గానీ మేము కోరడం లేదు.

మీకు వీలైన రోజున క్లాస్ టీచర్ గారితో కలిసి అరగంట మాట్లాడే అవకాశం ఇవ్వగలరు. రెండు వారాల్లోపు మీ జవాబు ఆశిస్తున్నాను. ఇంట్లో మా వంతుగా ఏం చేయాలో టీచర్లు చెబితే తప్పకుండా చేస్తాం. ఇట్లు, భవదీయురాలు."

కింద పిల్లవాడి పేరు, తరగతి, రోల్ నంబరు, తేదీ, ఫోన్ నంబరు ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసులో అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోవాలి. తర్వాత బడి మారినా, బోర్డు పరీక్షల ముందు రాయితీ అడగాల్సి వచ్చినా, ఫలానా తేదీ నుంచే ఈ విషయం బడికి తెలుసనడానికి అదే ఆధారం.

ఆ ఉత్తరంలో సెక్షన్ నంబరు ఎక్కడా లేదు. అది మరిచిపోవడం కాదు. స్క్రీనింగ్ కమిటీ అన్న మాట చదివిన ప్రిన్సిపాల్‌కు రాసినవారికి నిబంధన తెలుసని అర్థమవుతుంది. మొదటి ఉత్తరానికి అంత చాలు. జవాబు రాకపోతే రెండో ఉత్తరంలో 16వ సెక్షన్ పేరు రాయవచ్చు. వ్యాధి పేరు పెట్టకపోవడానికి కూడా కారణముంది. తల్లి "డిస్లెక్సియా" అని రాస్తే సంభాషణ ఆ పేరు మీద వాదనగా మారుతుంది. నాలుగు నిమిషాలు పట్టిందన్న సంగతి మీద వాదించడానికేమీ లేదు. కావాలంటే టీచరు కూడా గడియారం పెట్టి చూడవచ్చు.

ఉత్తరం అందాక బడి చేయాల్సిన పని పెద్ద కష్టమైనది కాదు. ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన 'ప్రశస్త్' చెక్‌లిస్టు ఉంది, యాప్ రూపంలోనూ దొరుకుతుంది. క్లాస్ టీచరు మొదటి భాగం నింపుతారు, అనుమానం కనిపిస్తే స్పెషల్ ఎడ్యుకేటర్ రెండో భాగం చూస్తారు. ప్రభుత్వ బడి అయితే సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. ప్రధానోపాధ్యాయుడు మండల విద్యాధికారి ద్వారా వారిని పిలిపించవచ్చు.

అక్కడి నుంచి పిల్లవాడు పిల్లల డాక్టరు దగ్గరకు వెళతాడు. చూపు, వినికిడి, ఇతర జబ్బులు కారణం కావని డాక్టరు నిర్ధారించాక క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష చేస్తారు, ఆపైన చదువు, రాత, లెక్కల పరీక్షలు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షల సమితినే 2018 మార్గదర్శకాలు నిర్ధారణకు సూచించాయి. ప్రైవేటుగా వెళితే ఆ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి తీరాలి. పది ప్రశ్నల కాగితం నింపించి "మీ వాడికి డిస్లెక్సియా" అని చెప్పేవారిని నమ్మకూడదు. పరీక్ష ఏ భాషలో చేశారన్నది కూడా అడగాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడిని ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించి ఇచ్చిన రిపోర్టు సగం రిపోర్టే. మన దగ్గర పిల్లల స్థాయిని తేల్చే పరీక్షలు అన్ని భారతీయ భాషల్లోనూ ఒకేలా అభివృద్ధి చెందలేదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన 'డాలి' పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లోనే వచ్చాయి. అందుకే తెలుగులో పిల్లవాడు ఎలా చదువుతున్నాడో టీచర్లు రాసిచ్చే ఆ ఒక్క పేజీకి అంత విలువ.

ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలంటే మన దగ్గర సదరం అని పిలిచే పద్ధతిలో, ఇప్పుడు యూడీఐడీ కార్డు కోసం, ప్రభుత్వం నిర్దేశించిన ఆసుపత్రిలో మెడికల్ బోర్డు చూడాలి. ఎనిమిదేళ్లు నిండితేనే ఇస్తారు, పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మళ్లీ పరీక్షించాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. ఆ సర్టిఫికెట్ బోర్డు పరీక్షల రాయితీలకు అవసరం. సీబీఎస్ఈలో గంటకు ఇరవై నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం, అడిగితే జవాబులు రాసిపెట్టే సహాయకుడు, మూడో భాష నుంచి మినహాయింపు ఉన్నాయి. రాష్ట్ర బోర్డులో రాయితీ కావాలన్నా దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో పరుగులు పెడితే అందదు.

చాలా బడులు పొరబడేదీ, చాలామంది తల్లిదండ్రులు మోసపోయేదీ ఇక్కడే. "సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం" అంటారు. బోర్డు పరీక్షకు సర్టిఫికెట్ కావాలి, నిజమే. ఐదో తరగతి యూనిట్ టెస్టులో ప్రశ్న చదివి వినిపించడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ ఒక్క మాట చెబితే మర్నాటి నుంచే అమలవుతుంది. ఉత్తరంలో అడిగిన నాలుగు సర్దుబాట్లూ అలాంటివే.

అయితే సర్దుబాట్లు చదువు నేర్పవు. పిల్లవాడు అవమానపడకుండా, మిగతా సబ్జెక్టుల్లో వెనకబడకుండా కాపాడతాయి, అంతవరకే. చదవడం రావాలంటే విడిగా నేర్పాలి, క్లాసులో నేర్పినట్టే మళ్లీ మళ్లీ నేర్పితే రాదు. ఇంపోజిషన్లు ఎన్ని రాయించినా ఉపయోగం లేకపోవడం అందుకే. తప్పుగా కుదురుకున్నదాన్నే పిల్లవాడు వందసార్లు రాస్తాడు.

విడిగా నేర్పడమంటే శబ్దం నుంచి మొదలుపెట్టడం. ముందు చెవితో పని. 'మేక'లో మొదట ఏం వినబడింది, 'మే'కీ 'మె'కీ తేడా ఏమిటి అన్నది పుస్తకం లేకుండా నోటితోనే సాధన చేయిస్తారు. తర్వాత ఒకే ఒక్క గుణింతపు గుర్తు తీసుకుని, అది తెలిసిన నాలుగైదు అక్షరాల మీద ఎక్కిస్తూ చదివిస్తారు. పలుకుతూ ఇసుకలోనో పలక మీదో వేలితో రాయిస్తారు. ఆ గుర్తు నిలిచాకే రెండోది. దీర్ఘాలు స్థిరపడ్డాక 'అమ్మ', 'అక్క' లాంటి ద్విత్వాలు, చాలా తర్వాత 'పుస్తకం', 'వస్త్రం' లాంటివి. ప్రతి రోజూ నిన్నటి మాటలు అయిదింటితో మొదలుపెట్టి, కొత్తవి రెండు మూడు చేర్చి, ఆ మాటలతోనే రాసిన చిన్న పేరా చదివించి ముగిస్తారు. రోజుకు అరగంట, వారానికి నాలుగైదు రోజులు, ఒక్కరిని గానీ ఇద్దరు ముగ్గురిని గానీ కూర్చోబెట్టి చేయాలి. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే మంచిది. లేకపోతే ఓపికున్న ఒక ప్రైమరీ టీచరు శిక్షణ తీసుకుని చేయగలరు.

ఫలితం ఉందో లేదో తెలియాలంటే మొదటి రోజు కొలిచినట్టే కొలవాలి. అదే స్థాయి కొత్త పేరా, అదే గడియారం. మూడు నెలల తర్వాత నాలుగు నిమిషాలు రెండున్నరకు వస్తే పద్ధతి పనిచేస్తున్నట్టు. ఏమీ కదలకపోతే పిల్లవాడిని కాకుండా పద్ధతిని మార్చాలి. అప్పుడే ఇంకో విషయం కూడా చూడాలి. కొందరు పిల్లల్లో ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవని సమస్య కూడా దీనితో పాటే ఉంటుంది. దానికి వేరే చికిత్స ఉంది, పిల్లల డాక్టరు విడిగా అంచనా వేయాలి. డిస్లెక్సియాకు మాత్రం మందుల్లేవు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు అంటూ ప్యాకేజీలు అమ్మేవారి మీద డబ్బు పోయవద్దు. అవి డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే స్పష్టం చేశాయి.

ఇది పుట్టుకతో వచ్చేది, పూర్తిగా పోయేది కాదు. బాగా నేర్పిస్తే చదువు వస్తుంది, వేగం మాత్రం తోటివాళ్లంత రాకపోవచ్చు. అందుకే అదనపు సమయం పదో తరగతితో ఆగదు, ఆ తర్వాతి పరీక్షల్లోనూ అవసరమవుతుంది.

ఇక బడి ఒప్పుకోకపోతే? రెండు వారాలు చూసి, మొదటి ఉత్తరం తేదీ ప్రస్తావిస్తూ రెండోది రాయాలి. ఈసారి చట్టం పేరు, సెక్షన్ నంబరుతో. అప్పటికీ కదలకపోతే మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి ఉన్నారు. ఈ చట్టం అమలు చూసే అధికారం రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఉంది, అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. చదవలేకపోయాడని కొట్టినా, అవమానించినా అది విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన పని. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ దాన్ని విచారిస్తుంది. ఆ దాకా వెళ్లాల్సిన అవసరం రాకుండా ఉండాలనే మొదటి ఉత్తరం అంత మర్యాదగా, అంత వివరంగా రాయడం.

ప్రిన్సిపాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఇలాంటి ఉత్తరం మీ బల్ల మీదకొచ్చిందంటే ఆ తల్లి మీ బడిని తప్పుపట్టడానికి రాలేదు. మీ కమిటీ చేయాల్సిన పరిశీలనలో సగం ఆమే చేసి తెచ్చింది. ఆ కాగితం ఫైల్లో పెట్టేముందు క్లాస్ టీచర్‌ని పిలిచి, ఆ పిల్లవాడి చేత ఒక పేరా చదివించి చూడండి. అలాగే మీ మూడో తరగతి రిజిస్టర్ తీసి, స్క్రీనింగ్ జరగని పిల్లలు ఇంకెంతమంది ఉన్నారో ఈ విద్యా సంవత్సరం ముగిసేలోపు లెక్క తేల్చండి.